కత్తి కొనేముందు వాదర వెనక చూడండి

(వంటింటి పనిముట్ల గురించి జరిగిన సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు పెట్టెలున్నాయి. ఎడమవైపు పెట్టెలో పదిహేను వస్తువులున్నాయి. కుడివైపు దానిలో ఉన్నవి మూడు కత్తులే. రెండింటి ధరా ఇంచుమించు ఒకటే. ఈ గంటసేపూ మనం ఈ రెండింటినీ విప్పి చూద్దాం. ఏది కొనాలో చివరికి మీరే తేల్చుకుంటారు.

ముందుగా ఒక పని చేస్తాను. రెండు పెట్టెల నుంచీ పెద్ద కత్తిని ఒక్కొక్కటి తీసి, ఈ కాగితాన్ని అంచు మీద నుంచి కోస్తాను. చూడండి, రెండూ చప్పుడు లేకుండా కోశాయి. ఇప్పుడు టొమాటో. రెండూ తొక్కను నొక్కకుండానే లోపలికి దిగాయి. దుకాణంలో మీకు చూపించే పరీక్షలు ఈ రెండే. రెండింటిలోనూ రెండు కత్తులూ నెగ్గాయి. కాబట్టి ఈ పరీక్షల వల్ల మనకు తెలిసిందేమీ లేదు.

కారణం తేలికైనది. ఏ ఉక్కునైనా ఒకసారి పదును పెట్టవచ్చు. మెత్తటి ఇనుప రేకుకు కూడా కాగితం కోసేంత పదును తెప్పించవచ్చు. ఫ్యాక్టరీలో చివరి మెట్టు వాదర పట్టడమే. అక్కడ యంత్రం బాగుంటే కత్తి మొదటి రోజు తళతళలాడుతూ వస్తుంది. మనం తెలుసుకోవలసినవి వేరే రెండున్నాయి. ఈ పదును ఎంతకాలం నిలుస్తుంది? అది పోయాక నేను మళ్లీ తెచ్చుకోగలనా? మొదటిదానికి జవాబు ఉక్కులో, ఆ ఉక్కును కాచిన పద్ధతిలో ఉంది. రెండోదానికి జవాబు చాలావరకు వాదర వెనకాల లోహం ఎంత మందంగా ఉందన్న దానిలో ఉంది. ఈ రెండో సంగతి పెట్టె మీద ఎవరూ రాయరు. అందుకే దాని మీద ఎక్కువసేపు మాట్లాడతాను.

ముందు ఉక్కు సంగతి చూద్దాం.

ఉక్కు అంటే ఇనుములో కొద్దిగా కార్బన్ కలిసినది. కాచి చల్లార్చినప్పుడు ఉక్కు గట్టిపడేది ఆ కార్బన్ వల్లే. అది మరీ తక్కువగా ఉంటే ఎంత కాచినా కత్తికి కావలసిన గట్టిదనం రాదు. తుప్పును అడ్డుకునేది క్రోమియం. నూటికి పదిన్నర పాళ్లకు తగ్గకుండా క్రోమియం ఉన్న ఉక్కునే స్టెయిన్‌లెస్ అంటారు. ఇక్కడే కొనేవారు మోసపోతారు. కత్తి మీద ‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అని మాత్రమే రాసి ఉంటే అది క్రోమియం గురించి చెప్పినట్లే గాని, కార్బన్ గురించి ఒక్క మాటా చెప్పినట్లు కాదు. మనం తినే చెంచా కూడా స్టెయిన్‌లెస్సే. చాలా చెంచాల్లో క్రోమియంతో పాటు నికెల్ కూడా దండిగా ఉంటుంది, కార్బన్ దాదాపు ఉండదు. ఆ రకం ఉక్కు కాచి చల్లార్చినా గట్టిపడదు. దానితో చేసిన కత్తి చూపుకు అందంగా ఉంటుంది, కొద్ది రోజులకే మొద్దుబారుతుంది.

మంచి కత్తి మీద ఉక్కు పేరు ఉంటుంది. ఆ పేరును చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్లే. కుడివైపు పెట్టెలోని ఈ కత్తి మీద X50CrMoV15 అని చెక్కి ఉంది. దీన్ని ఇలా చదవాలి. 50 అంటే కార్బన్ నూటికి అర పాలు, అంటే 0.50 శాతం. చివరి 15 అంటే క్రోమియం సుమారు 15 శాతం. మధ్యలోని అక్షరాలు క్రోమియం, మాలిబ్డినం, వెనేడియం. చివరి రెండూ చాలా కొద్దిగా ఉంటాయి. యూరప్‌లో తయారయ్యే వంటింటి కత్తుల్లో ఎక్కువగా వాడే ఉక్కుల్లో ఇదొకటి. 5Cr15MoV అని కనిపిస్తే అదీ ఇంచుమించు ఇదే. మొదటి 5 అర శాతం కార్బన్, తర్వాతి 15 క్రోమియం. 3Cr13 అని ఉంటే కార్బన్ 0.3 శాతం చుట్టుపక్కల, క్రోమియం 13. ఈ ఒక్క అంకె తేడాయే కత్తి నడతను మార్చేస్తుంది. 0.3 శాతం ఉక్కు అంత తేలికగా తుప్పు పట్టదు, విరగదు, చవకగా దొరుకుతుంది. కాని దాని వాదర త్వరగా వాలిపోతుంది. మరోవైపు వీజీ-10 వంటి ఉక్కుల్లో కార్బన్ ఒక శాతం దాకా ఉంటుంది. అవి చాలా గట్టిపడతాయి.

అయితే పేరు చదివి ఆగిపోకూడదు. ఒకే ఉక్కును ఇద్దరు రెండు రకాలుగా కాస్తే రెండు వేర్వేరు కత్తులు వస్తాయి. ఈ రకం ఉక్కును వెయ్యి డిగ్రీలు దాటేదాకా వేడి చేసి, వేగంగా చల్లారుస్తారు. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది. తర్వాత చాలా తక్కువ వేడిలో, 200 డిగ్రీలకు అటూ ఇటూగా, కొంతసేపు ఉంచి ఆ పెళుసుదనం తగ్గిస్తారు. ఈ రెండు మెట్లలో వేడి సరిగా లేకపోయినా, చల్లార్చడం ఆలస్యమైనా ఎంత మంచి పేరున్న ఉక్కూ మెత్తగానే మిగులుతుంది. పని సరిగా జరిగిందో లేదో తెలిపే కొలత రాక్‌వెల్ సి. వజ్రపు మొనను నిర్ణీత బరువుతో లోహంలోకి నొక్కి, అది ఎంత లోతు దిగిందో చూసి అంకె ఇస్తారు. దిగినది తక్కువైతే అంకె ఎక్కువ. పెట్టె మీద హెచ్‌ఆర్‌సి అన్న మూడక్షరాలతో కనిపించేది ఇదే.

వంటింటి కత్తి విషయంలో ఈ అంకె ఏం చెబుతుందో నా అనుభవం మేరకు చెబుతాను. 53 కంటే తక్కువైతే ఆ కత్తికి తరచుగా సాన పడుతూనే ఉండాలి. 55 నుంచి 58 వరకు ఉన్నది ఇల్లంతా వాడుకునే కత్తి. దాని వాదర దెబ్బ తగిలితే విరగకుండా పక్కకు వంగుతుంది. వంగినదాన్ని గీతలున్న ఉక్కు రాడ్డు మీద నాలుగుసార్లు లాగి నిలబెట్టుకోవచ్చు. 60 దాటినది పదును చాలాకాలం నిలుపుకుంటుంది. కాని అది వంగదు, చిట్లుతుంది. ఎముక మీదో, గడ్డకట్టిన మాంసం మీదో వేస్తే అంచు నుంచి చిన్న పెచ్చులు ఊడతాయి. వాటిని సరిచేయాలంటే సానరాయి మీద ఆ పెచ్చు లోతు దాకా మొత్తం అంచును అరగదీయాలి.

గట్టిదే మేలైనదన్న నమ్మకం చాలామందిలో ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. కత్తిని ఇంట్లో నలుగురు వాడుతూ, ఎవరో ఒకరు దానితో గుమ్మడికాయ తొక్కను మెలితిప్పి విడదీసే ఇల్లయితే 56 ఉన్న కత్తే సరైనది. 61 ఉన్న కత్తి ఆ ఇంట్లో కొద్ది రోజుల్లోనే రంపంలా తయారవుతుంది. అది ఉక్కు తప్పు కాదు. దాన్ని ఒక్కరే వాడాలి, సానరాయి పట్టడం తెలిసినవారై ఉండాలి.

ఇక వాదర దగ్గరికి వద్దాం. ఇప్పటిదాకా చెప్పినదంతా పెట్టె చదివి తెలుసుకోగలిగినదే. ఇప్పుడు చెప్పేది కత్తిని చేతిలోకి తీసుకుని చూడాలి.

కత్తి అంచును వెలుతురులో పట్టుకోండి. పలక చివర, అంచు వెంబడి ఒక సన్నటి మెరిసే గీత కనిపిస్తుంది. అదే సాన పట్టిన భాగం, వాదర. ఇరుపక్కలా ఉంటుంది. అది ఏ కోణంలో ఉందన్న అంకెను కొందరు పెట్టె మీద రాస్తారు. ఒక్కో పక్కకు 15 డిగ్రీలనో, 20 డిగ్రీలనో. ఆ కోణం ముఖ్యమే గాని, దానికంటే ముఖ్యమైనది ఆ మెరిసే గీతకు సరిగ్గా పైన లోహం ఎంత మందంగా ఉందన్నది. వాదర కూరగాయలోకి దిగేది ఒక్క క్షణం. ఆ తర్వాత దారి చేసుకుంటూ వెళ్లాల్సింది దాని వెనకున్న లోహమే. అది మందంగా ఉంటే కత్తి కోయడం మాని, గొడ్డలి కట్టెను చీల్చినట్లు చీలుస్తుంది.

దీన్ని మీ కళ్లకు చూపిస్తాను. ఇవి రెండు లావుపాటి క్యారెట్లు. ఎడమ పెట్టెలోని కత్తితో మొదటిదాన్ని కోస్తున్నాను. సగం దాకా నెమ్మదిగా దిగింది, తర్వాత ‘టక్’మని విరిగింది. మీకు వెనక వరుసలో కూడా వినబడి ఉంటుంది. కోసిన ముఖం చూడండి, పైభాగం నున్నగా ఉంది, కిందిభాగం గరుకుగా ఉంది. ఆ గరుకు భాగాన్ని కత్తి కోయలేదు, చీల్చింది. ఇప్పుడు కుడి పెట్టెలోని కత్తి. చప్పుడు లేదు. ముఖం చివరిదాకా నున్నగా ఉంది. ఇందాక టొమాటో దగ్గర ఈ రెండూ సమానంగా నిలిచాయి. టొమాటో మెత్తనిది, వెనక మందానికి పక్కకు జరిగి దారి ఇచ్చేస్తుంది. క్యారెట్ జరగదు. అందుకే కత్తిని పరీక్షించడానికి క్యారెట్టే సరైనది.

దుకాణంలో క్యారెట్ కోయనివ్వరు. అప్పుడేం చేయాలి? ఆ మెరిసే గీత వెడల్పు చూడండి. ఈ రెండు కత్తులనూ నేను కొలిచి వచ్చాను. కుడివైపు కత్తికి వాదర మొదలయ్యే చోట మందం 0.3 మిల్లీమీటర్లు, సాన కోణం పక్కకు 15 డిగ్రీలు. అలాంటప్పుడు ఒక్కొక్క పక్క గీత వెడల్పు సుమారు 0.6 మిల్లీమీటర్లు వస్తుంది. ఎడమవైపు కత్తికి అదే చోట మందం 0.8, కోణం 20 డిగ్రీలు. దాని గీత వెడల్పు సుమారు 1.2 మిల్లీమీటర్లు. దాదాపు రెట్టింపు. మీరు కొలవనక్కర్లేదు, కంటికే తెలుస్తుంది. కొత్త కత్తి మీద సాన గీత దూరం నుంచి కూడా తళుక్కున కనిపిస్తోందంటే వెనకాల మందంగా ఉందని మొదటి అనుమానం రావాలి.

అనుమానం అని ఎందుకన్నానంటే, గీత వెడల్పుగా ఉండడానికి ఇంకో కారణం కూడా ఉండవచ్చు. కోణం చాలా తక్కువైతే, పది డిగ్రీలంటే, సన్నటి కత్తికీ వెడల్పాటి గీతే వస్తుంది. ఖరీదైన కొన్ని పలచటి కత్తులు అలాగే ఉంటాయి. ఆ అనుమానం తీరాలంటే వేళ్లతో చూడాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పలకను వెన్ను దగ్గర పట్టుకుని, అంచు ఇంకా ఒక సెంటీమీటరు దూరంలో ఉండగానే ఆగేలా నెమ్మదిగా కిందికి జార్చండి. మంచి కత్తికి పలక వెన్ను నుంచి కిందికి వచ్చేకొద్దీ క్రమంగా పలచబడుతూ వస్తున్నట్లు వేళ్లకు తెలుస్తుంది. చవక కత్తికి మందం మారదు. రేకు రేకులాగే చాలా దూరం వచ్చి, చివర్లో ఒక్కసారిగా చెక్కినట్లు ఉంటుంది. దయచేసి అంచు దాకా వేళ్లు పోనివ్వకండి.

ఇంకొకటి, వెన్నును పైనుంచి చూడండి. కుడివైపు కత్తి వెన్ను పిడి దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు ఉంది, మొన దగ్గరికి వచ్చేసరికి ఒక మిల్లీమీటరుకు తగ్గింది. ఎడమదానికి పిడి దగ్గర 1.8, మొన దగ్గరా 1.8. గమనించండి, వెన్ను లావుగా ఉన్న కత్తే వాదర దగ్గర పలచగా ఉంది. అంటే లావుపాటి కత్తి మంచిదనో, పలచటి కత్తి మంచిదనో తేల్చడానికి లేదు. ఎక్కడ లావు, ఎక్కడ పలచన అన్నదే చూడాలి. ఇలా రెండు దిక్కులా పలచబరచాలంటే లోహాన్ని చాలాసేపు అరగదీయాలి. ఖర్చంతా అక్కడే. చవక కత్తి తయారీలో మొదట ఎత్తేసేది ఈ పనినే.

వాదర వెనక మందం మీ రోజువారీ పనిని మాత్రమే కాదు, సాన పట్టడాన్ని కూడా నిర్ణయిస్తుంది. ప్రతి సానకూ అంచు కొద్దిగా వెనక్కు, అంటే వెన్ను వైపు జరుగుతుంది. వెనకాల మందమైన లోహం ఉంటే ప్రతి సానకూ వాదర ఇంకా మందంగా తయారవుతుంది, అరగదీయాల్సిన లోహమూ పెరుగుతుంది. పలచటి కత్తి ఏళ్లు గడిచినా త్వరగా సానకు వస్తుంది. మందపాటి కత్తి రెండేళ్లకే సానరాయి మీద ఎంతసేపు లాగినా పదును రానట్లనిపిస్తుంది. చాలామంది అప్పుడు తమకు సాన పట్టడం రాదనుకుని వదిలేస్తారు. తప్పు వాళ్ల చేతిలో లేదు, కత్తి ఆకారంలో ఉంది.

ఇప్పుడు ఎడమ పెట్టెను పూర్తిగా విప్పుదాం. పదిహేను వస్తువులు. కొయ్య దిమ్మె ఒకటి. కత్తెర ఒకటి. రాడ్డు ఒకటి. ఇవి తీసేస్తే పన్నెండు. అందులో ఆరు ఒకే రకం, బల్ల మీద భోజనం చేసేటప్పుడు మాంసం కోసుకునే చిన్న కత్తులు. వంటగదిలో వాటితో పని లేదు. మిగిలినవి ఆరు. పెద్ద షెఫ్ కత్తి, సాంటోకు, పొడుగు సన్న కత్తి, రొట్టె కత్తి, మధ్యరకం కత్తి, చిన్న కత్తి. షెఫ్ కత్తీ సాంటోకూ ఇంచుమించు ఒకే పనికి పుట్టినవి. మధ్యరకం కత్తి చేసే పనిని వాటిలో ఒకటైనా చేస్తుంది, చిన్నదైనా చేస్తుంది. చేతిలోకి తరచుగా వచ్చేవి చివరికి మూడు, అవి పెద్దది, చిన్నది, రొట్టెది. కుడి పెట్టెలో ఉన్నవీ సరిగ్గా ఆ మూడే. ధర ఒకటే అయినప్పుడు ఎడమ పెట్టెవారు అదే డబ్బును పదిహేను వస్తువుల మీద పంచారు, కుడి పెట్టెవారు మూడింటి మీద పెట్టారు. సెట్టు కొనేటప్పుడు వస్తువుల సంఖ్యను పక్కన పెట్టి, ధరను మీరు నిజంగా వాడే కత్తుల సంఖ్యతో భాగించి చూడండి. తర్వాత ఆ కత్తుల్లో ఒకదాన్ని విడిగా కొంటే ఎంతో అడగండి.

ఎడమ పెట్టె మీద రాసిన మాటలు కూడా చదువుతాను. ‘హై కార్బన్ స్టెయిన్‌లెస్’. ఎంత కార్బనో చెప్పలేదు. ఉక్కు పేరు లేదు, రాక్‌వెల్ అంకె లేదు. ‘సర్జికల్ స్టీల్’ అనీ ఉంది. ఆ పేరుతో కత్తులకు నిర్ణీతమైన ఉక్కు అంటూ ఏదీ లేదు. ఒక దేశం పేరు చెప్పి ఆ దేశపు ఉక్కు అని రాసినా అంతే, ఆ దేశంలో పలు రకాల ఉక్కు తయారవుతుంది. మాట ఉండి అంకె లేనిచోట నేను ఆ మాటను లెక్కలోకి తీసుకోను.

పలక మీద అలల ముగ్గు గురించి ఇక్కడ చెప్పాలి. డమాస్కస్ అని అమ్ముతారు. నిజమైన పొరల ఉక్కులో రెండు రకాల ఉక్కులను అతికించి మడిచి కొడతారు, ఆ గీతలు లోహం లోపలిదాకా ఉంటాయి. వెన్ను మీద చూస్తే ఆ పొరల అంచులు కనిపించాలి. వాదర వైపు గీతలు ఆగిపోయి మధ్యలో ఉన్న గట్టి ఉక్కు ఒక్కటే బయటపడాలి. చవక కత్తిలో ఆ ముగ్గు లేజరుతో పైపైన గీసినది. వెన్ను నున్నగా ఉంటుంది, గీతలు ఒకే తీరున మళ్లీ మళ్లీ వస్తుంటాయి. పైన పటారం, లోన లొటారం. నిజమైనదైనా సరే, కోసేది మధ్యలోని ఆ గట్టి ఉక్కే. పక్కన ఉన్న ముగ్గు అందానికి మాత్రమే. అందం కోసం డబ్బు పెట్టాలనిపిస్తే పెట్టండి, పదును కోసమని మాత్రం పెట్టకండి.

సాగగొట్టి చేసినదా, రేకు నుంచి అచ్చుతో కోసినదా అన్న ప్రశ్న ప్రతి సభలోనూ వస్తుంది. ఈ రోజుల్లో దానికి అంత విలువ ఇవ్వనక్కర్లేదు. మంచి రేకును సరిగా కాచి, బాగా పలచగా అరగదీస్తే అది చక్కటి కత్తే. వృత్తిగా వంట చేసేవారు వాడే కత్తుల్లో చాలా వాటిని రేకు నుంచే కోస్తారు. పిడి చివరిదాకా లోహం వెళ్లిందా అన్నదీ అంతే. వెళ్తే మంచిదే, కాని దానితో వాదరకు సంబంధం లేదు. పిడి దగ్గర నేను చూసేది ఒకటే. లోహానికీ పిడికీ మధ్య గోరు దూరేంత సందు ఉందా? ఉంటే అక్కడ నీరు చేరుతుంది, తుప్పు మొదలవుతుంది, పిడి వదులవుతుంది.

పిడికీ పలకకూ మధ్య ఉండే లావుపాటి లోహపు కట్టును మాత్రం శ్రద్ధగా చూడండి. కొన్ని కత్తుల్లో అది పిడి వైపు వాదర చివర, అంటే మడమ దాకా కిందికి దిగి ఉంటుంది. చేతికి బరువుగా, ఖరీదైనదిగా అనిపిస్తుంది. కాని సాన పట్టినప్పుడల్లా వాదర అరుగుతుంది, ఆ కట్టు అరగదు. కొన్నేళ్లకు మడమ దగ్గర కట్టు కిందికి పొడుచుకువచ్చి, దాని ముందున్న వాదర చెక్క పలకకు తగలకుండా గాలిలో నిలుస్తుంది. కూరగాయ ముక్కలు పూర్తిగా విడిపోకుండా ఒకదానికొకటి అతుక్కుని మిగులుతాయి. ఎంచుకునే వీలుంటే కట్టు సగంలోనే ఆగిన కత్తిని తీసుకోండి.

కొత్త కత్తిలోనూ ఇలాంటి సందు ఉందేమో చూడాలి. వాదరను చదునైన చెక్క మీద ఆనించి, వెనక నుంచి వెలుతురు పడేలా పెట్టి, మొన నుంచి మడమ దాకా నెమ్మదిగా దొర్లించండి. ఎక్కడా వెలుతురు మిగలకుండా అంచు వరుసగా చెక్కను తాకుతూ రావాలి. ఒకచోట వెలుతురు ఆగకుండా కనిపిస్తే అక్కడ యంత్రం ఎక్కువ అరగదీసింది. తర్వాత పిడిని కంటి దగ్గర పెట్టుకుని మొన వైపు చూడండి, పలక వంకర తెలుస్తుంది. ఈ రెండూ కలిపి నిమిషం కూడా పట్టవు.

రంపపు పళ్ల అంచు గురించి ఒక మాట. రొట్టె కత్తికి ఆ పళ్లు ఉండాల్సిందే. పైన గట్టి పెంకు, లోపల మెత్తదనం ఉన్నదాన్ని నొక్కకుండా కోయాలంటే అవే దారి. పళ్లు పెద్దవిగా, దూరదూరంగా ఉన్నది చూసుకోండి. కాని పెద్ద కత్తికీ, చిన్న కత్తికీ సన్న పళ్లు పెట్టి ‘ఎప్పటికీ సాన అక్కర్లేదు’ అని అమ్మేవాటిని కొనకండి. ఎడమ పెట్టెలో ఆ ఆరు చిన్న కత్తులూ అలాంటివే. మెత్తటి ఉక్కు మొద్దుబారినా పళ్లు చింపుతూ ఉంటాయి గనుక, పదును ఉన్నట్లే అనిపిస్తుంది. ఆ పళ్లు అరిగాక ఇంట్లో సానరాయితో వాటిని తిరిగి తెచ్చుకోలేరు. సాన అక్కర్లేదన్న మాటకు అసలు అర్థం సాన పట్టడానికి వీల్లేదనే.

ఇక్కడ ఒకరు చీటీ పంపారు. ‘అయస్కాంతం పెట్టి చూస్తే మంచి ఉక్కు తెలుస్తుందా?’ అని. కొంతవరకే. కాచితే గట్టిపడే ఉక్కు అయస్కాంతానికి అంటుకుంటుంది. ఇందాక చెప్పిన చెంచా రకం ఉక్కు సాధారణంగా అంటుకోదు, లేదా చాలా బలహీనంగా అంటుకుంటుంది. కాబట్టి అయస్కాంతం అంటుకోకపోతే ఆ కత్తిని వదిలేయండి. అంటుకుంటే మాత్రం అది మంచిదని కాదు. 0.3 శాతం కార్బన్ ఉన్నదీ అంటుకుంటుంది, ఒక శాతం ఉన్నదీ అంటుకుంటుంది.

ఇంకొకరు అడుగుతున్నారు, క్రోమియం లేని కార్బన్ ఉక్కు కత్తి తీసుకోవచ్చా అని. తీసుకోవచ్చు. సాన చాలా తేలికగా పడుతుంది, వాదర చాలా సన్నగా వస్తుంది, అది నాకెంతో ఇష్టమైన ఉక్కు. కాని పుల్లటిదాన్ని కోసి అరగంట అలాగే వదిలేస్తే నల్లటి మచ్చ పడుతుంది. తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. కోసిన వెంటనే కడిగి తుడిచే అలవాటున్న ఒక్కరి చేతిలో ఉంటే మంచిది. సెట్టుగా ఇంటికంతటికీ మాత్రం స్టెయిన్‌లెస్సే తీసుకోండి.

రాడ్డు ఎందుకు పనికొస్తుందని అడిగారు. వంగిన వాదరను నిలబెట్టడానికి. 55 నుంచి 58 ఉన్న కత్తికి గీతలున్న ఉక్కు రాడ్డు సరిపోతుంది. 60 దాటిన కత్తిని దాని మీద గట్టిగా లాగితే అంచు చిట్లే ప్రమాదముంది, దానికి నున్నటి సిరామిక్ రాడ్డు వాడాలి, అదీ చాలా తేలికగా. రాడ్డుతో పదును తిరిగి రాని రోజు వస్తుంది, అప్పుడు సానరాయి కావాలి. మధ్యరకం గరుకుదనం ఉన్న వెయ్యి నంబరు రాయి ఒకటి ఉంటే ఇంటికి చాలు. కోణం ఎలా పట్టుకోవాలంటే, మీ పెద్ద కత్తి పలక వెన్ను నుంచి అంచు దాకా 45 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. వాదరను రాయికి ఆనించి వెన్నును రాయి నుంచి 12 మిల్లీమీటర్లు పైకెత్తితే సుమారు 15 డిగ్రీలు వచ్చినట్లు. 15 మిల్లీమీటర్లు ఎత్తితే 20 డిగ్రీలకు కాస్త తక్కువ. సాన గీత మీద మార్కరుతో రంగు పూసి రెండుసార్లు లాగి చూడండి. రంగు అంచు దగ్గర మిగిలిపోతే కత్తిని మరీ చదునుగా పట్టారు, ఇంకాస్త ఎత్తండి. గీత పైభాగంలో మిగిలితే మరీ ఎత్తారు, కాస్త దించండి.

చివరి ప్రశ్న, ‘ఉక్కును సరిగా కాచారో లేదో కొన్నాక ఇంట్లో ఎలా తెలుస్తుంది?’ ఇది మంచి ప్రశ్న. ఫ్యాక్టరీ పదునుతో తేల్చకండి. యంత్రం మీద సాన పట్టేటప్పుడు అంచు బాగా వేడెక్కితే అక్కడ మాత్రం ఉక్కు మెత్తబడుతుంది, దాని వెనక ఉక్కు బాగానే ఉండవచ్చు. అందుకే కొత్త కత్తికి ఒకసారి మీరే రాయి మీద సాన పట్టండి. తర్వాత రెండు వారాలు చెక్క పలక మీద మామూలుగా వాడండి. గాజు పలక, రాతి గట్టు వద్దు, వాటి మీద ఏ కత్తీ నిలవదు. రెండు వారాల తర్వాత టొమాటో తొక్క మీద బరువు వేయకుండా లాగి చూడండి. దిగకపోతే రాడ్డు మీద నాలుగైదుసార్లు లాగి మళ్లీ చూడండి. రాడ్డు తర్వాత దిగి, మరో వారం దాకా అలాగే ఉంటే ఉక్కును సరిగానే కాచారు. రాడ్డు పట్టిన మరుసటి రోజుకే మళ్లీ జారిపోతుంటే వాదర నిలబడే గట్టిదనం ఆ ఉక్కులో లేదు. సెట్టు వాపసు ఇచ్చే గడువు ఎన్నాళ్లో కొనేటప్పుడే అడిగి ఉంచుకుని, ఈ పరీక్షను ఆ గడువులోపు ముగించండి. వాడిన కత్తిని వాపసు తీసుకుంటారా అన్నది కూడా అప్పుడే అడగండి.